బండలాగుడు వీడియో జర్కు కొడుతోంది, ఫ్రేమ్ రేట్ ఎంత పెట్టాలి?

ఓబులేసు, ఆదోని
అన్నా, రాత్రి పది నుంచి కంప్యూటర్ ముందే కూచున్నా, ఇప్పుడు రెండున్నర. మా ఊరి జాతరలో మధ్యాహ్నం బండలాగుడు పోటీ తీశాను, ఎద్దులు పోతుంటే వాటి వెంబడే కెమెరా తిప్పుతూ. కెమెరా తెర మీద బాగానే కనబడింది, తీరా ఇక్కడ వేసి చూస్తే కాళ్లు టకటకా ఎగిరి పడుతున్నాయి, వెనక పాతిన కట్టెలు గెంతుతున్నట్టు పోతున్నాయి. 25 ఫ్రేములే పెట్టాను, అందరూ చెప్పేది అదే కదా. రెండుసార్లు ఎక్స్‌పోర్ట్ చేశా, సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ వేసుకున్నా. పొద్దున్నే జోడీ ఓనర్‌కు ఇయ్యాల. ఏ ఫ్రేమ్ రేట్ పెట్టాలో అది ఒక్కటి చెప్పండి చాలు.

మద్దిలేటి
షట్టర్ ఎంత?

శ్రీను, ఎమ్మిగనూరు
25లో తీస్తే ఇట్లే ఉంటుంది బ్రో. 60లో తీయి, వెన్నలా వస్తుంది. నేను అన్నీ 60లోనే తీస్తా.

ఓబులేసు
షట్టర్ ఆటోలో ఉంది. దానికీ దీనికీ ఏం సంబంధం? వెలుతురు సరిగ్గానే వచ్చింది కదా.

ఇమ్రాన్, కర్నూలు
సంబంధం అంతా దాంట్లోనే ఉంది సామీ. మిట్టమధ్యాహ్నం ఎండలో ఐఎస్ఓ 100, ఎఫ్ 4 పెట్టి షట్టర్ ఆటోకు వదిలేస్తే కెమెరా 1/1600 దగ్గరికి పోతుంది. 25 ఫ్రేముల్లో ఒక్కో ఫ్రేముకు 1/25 సెకను టైము ఉంటే నీ కెమెరా కన్ను తెరిచింది అందులో 64వ వంతు. ఎద్దు కాలు ఇక్కడ ఒకసారి కత్తితో కోసినట్టు పదునుగా పడింది, తర్వాతి ఫ్రేములో జానెడు దూరంలో మళ్లీ అంతే పదునుగా పడింది, మధ్యలో కదలిక ఆనవాలే లేదు. కన్ను ఆ రెంటినీ కలపలేదు. 1/50 పెట్టింటే ఆ జానెడులో సగం దూరం కాలు కొంచెం చెరిగి పడేది, అప్పుడు పరుగు పరుగులా ఉండేది.
శ్రీను చెప్పింది సగం నిజం. 60లో తీసి 60గానే చూపిస్తే నున్నగా ఉంటుంది, కాకపోతే టీవీలో మ్యాచ్ చూసినట్టు. అదే 1/1600తో తీసి ఎడిటింగ్‌లో 30 ఫ్రేముల టైమ్‌లైన్‌లో వేస్తే రెండింటికొకటి పారేస్తుంది, మిగిలేవి మళ్లీ పదును ఫ్రేములే.

రెడ్డప్ప, ప్రొద్దుటూరు
షట్టర్ స్పీడ్ అనడం మానండి ముందు. వీడియోకు యాంగిల్ అనాలి. ఫిల్మ్ కెమెరాలో గుండ్రటి పలక ఒక ఫ్రేముకు ఒక చుట్టు తిరిగేది, అందులో తెరిచి ఉన్న భాగమే యాంగిల్. సగం తెరిచి ఉంటే 180. ఫ్రేములు 25 చేసినా 50 చేసినా 180 అనే మాట మారదు, అదీ దాని అందం. 1/1600 అంటే ఐదున్నర డిగ్రీలు, అసలు తెరిచినట్టే కాదు. ఇప్పటి పిల్లలకు పలక అంటే బడిలో పలకే.

మద్దిలేటి
నా కెమెరాలో డిగ్రీలు లేవు పెద్దాయనా, 1/50 అనే చూపిస్తుంది. దాన్ని ఏమని పిలవాల?

సుజాత, అనంతపురం
నాది కూడా ఇదే సమస్య. ఫంక్షన్ హాల్లో 1/60 పెడితే వీడియో మీద అడ్డంగా చారలు పాకుతున్నాయి. ఫ్రేమ్ రేట్ మార్చాలా?

ఇమ్రాన్
అక్కా, మీది జర్కు కాదు, లైట్లది. మన కరెంటు 50 హెర్ట్జ్, లైటు సెకనుకు వందసార్లు మినుకుతుంది. 1/50 గానీ 1/100 గానీ పెట్టి చూడండి.
ఓబులేసూ, నువ్వు ఇంకోటి చెప్పలేదు. టైమ్‌లైన్ ఎంతలో ఉంది?

ఓబులేసు
టైమ్‌లైనా? మార్చలేదు, అదేదో ముందే ఉంటుంది కదా. చూశా, 30 ఉంది.

ఇమ్రాన్
అయితే రెండు రోగాలు ఉన్నాయి. 25ని 30లో వేస్తే ప్రతి ఐదు ఫ్రేములకు ఒకటి రెండుసార్లు చూపిస్తుంది, కట్టెలు గెంతేది దానికే. బాణం కీ నొక్కుతూ ఒక్కో ఫ్రేము జరుపు. బొమ్మ కదలకుండా ఒకచోట ఆగిందంటే అది టైమ్‌లైన్. ప్రతి ఫ్రేములో గిట్ట దగ్గర ధూళి రేణువులు కూడా లెక్కపెట్టేంత పదునుగా ఉంటే అది షట్టర్. టైమ్‌లైన్ ఇప్పుడే 25 చెయ్యి. షట్టర్‌ది మాత్రం తీసేటప్పుడే చూసుకోవాల. మోషన్ బ్లర్ ఎఫెక్ట్ వేయొచ్చు గానీ, ఎనిమిది కాళ్లు ఒకదానికొకటి అడ్డం వస్తే ఆ ధూళిలో అది గజిబిజి చేస్తుంది.
ఈసారి 25, 1/50, ఐఎస్ఓ 100 కదలకుండా పెట్టి, లెన్స్ ముందర వెలుతురు తగ్గించే ఎన్‌డీ 32 ఫిల్టర్ బిగించు. 1600ని 50తో భాగిస్తే వచ్చేది ఆ 32నే. ఫిల్టర్ లేదని ఎఫ్ 22కు మూసేస్తే వెలుతురు సరిపోతుంది గానీ బొమ్మ మెత్తబడుతుంది.

రెడ్డప్ప
180 వేదం కాదు. కొట్లాట సీన్లకు 90, 45 కావాలనే పెడతారు, ఆ అదురు కోసం.

శ్రీను
అదే కదా, పోటీ అంటే అదురు ఉండాల్సిందే. ఓబులేసు కరెక్టే తీశాడు 😀

ఓబులేసు
25 చేశా, గెంతు పోయింది. కాళ్లు అట్లే ఉన్నాయి. ఓనర్ ఫోన్‌లోనే చూస్తాడు లే. థ్యాంక్స్ అన్నా, పడుకుంటా.

సుజాత
1/50 పెట్టా, హాలు లైట్లకు చారలు పోయాయి. స్టేజీ వెనక ఎల్ఈడీ తెర మీద మాత్రం ఇంకా పాకుతున్నాయి. దానికేం చేయాలి?