చివరి 8 మందికి ఏ సాయమూ చేయలేదు, అయినా మార్కులు పెరిగాయి. లెక్క ఎక్కడ తప్పింది?

లెక్కల టీచర్:
మధ్యాహ్నం నుంచి షీట్ ముందే కూర్చున్నాను, బుర్ర వేడెక్కిపోయింది. మా క్లాసులో 40 మంది పిల్లలు. మొదటి పరీక్షలో అందరికన్నా తక్కువ వచ్చిన 8 మంది సగటు 30. రెండో పరీక్షలో అదే 8 మంది సగటు 37. వీళ్లకు ప్రత్యేకంగా ఎవరూ ఏమీ చెప్పలేదు. ఫార్ములాలు మూడుసార్లు చూసుకున్నాను, పేపర్లు మళ్లీ కూడాను. కాపీ కొట్టారా అంటే అలాంటి జాడ లేదు. ఈ 7 మార్కులు ఎక్కడి నుంచి వచ్చాయి?

ఒక్కముక్క:
టాప్ 8 మంది మార్కులు, క్లాసు సగటు పెట్టండి. అవి లేకుండా ఎవరూ ఏమీ చెప్పలేరు.

పాత మాస్టారు:
అమ్మా, నేను చెప్పేది కొంచెం ఓపికగా వినండి. తక్కువ వచ్చిన పిల్లల్ని మీరు మందలించి ఉంటారు, లేదా ఇంట్లో తిట్టి ఉంటారు. తర్వాత మార్కులు పెరిగితే తిట్లు పనిచేశాయని అందరం అనుకుంటాం. డేనియల్ కానెమన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తకు ఇజ్రాయెల్ వైమానిక దళంలో శిక్షకులు ఇదే మాట చెప్పారు. బాగా నడిపినవాణ్ణి మెచ్చుకుంటే మర్నాడు చెడగొడుతున్నాడు, సరిగ్గా నడపనివాణ్ణి కేకలేస్తే బాగుపడుతున్నాడు, కాబట్టి మెచ్చుకోవడం దండగ అని. మెచ్చుకున్నా, కేకలేసినా, రెండూ చేయకపోయినా మర్నాడు అలాగే జరిగేది. నా సర్వీసంతా ఈ భ్రమతోనే పిల్లల్ని తిట్టేవాళ్లను చూశాను. దయచేసి పిల్లల్ని తిట్టకండి.

లెక్కల టీచర్:
సార్, నేను ఎవరినీ తిట్టలేదు. నా ప్రశ్న అది కాదు.
టాప్ 8 సగటు మొదట 74, తర్వాత 68. క్లాసు సగటు రెండుసార్లూ 52. రెండు పేపర్లూ 100 మార్కులకే, ఒకే సిలబస్.

సంఖ్యాశాస్త్రం:
టీచర్ గారూ, మీ షీట్లో తప్పేమీ లేదు. కింది 8 మంది పైకి వచ్చారు, పై 8 మంది కిందికి వచ్చారు, క్లాసు మాత్రం ఉన్నచోటే ఉంది. కిందివాళ్లు సొంతంగా చదువుకుని బాగుపడ్డారనుకుంటే, పైవాళ్లు అదే నెలలో ఎందుకు చెడిపోయారో కూడా చెప్పాలి కదా. రెండింటికీ కారణం ఒకటే. వీళ్లను మీరు ఎంచుకున్నదే మొదటి పరీక్ష మార్కులు చూసి.
ఒక పని చేయండి. మొదటి పరీక్ష B కాలమ్‌లో, రెండోది C లో ఉంటే ఇవి కొట్టి ఏం వచ్చిందో చెప్పండి. మొదటిది రెండు పరీక్షల మార్కులు ఎంతవరకు కలిసి నడుస్తున్నాయో చెబుతుంది, మిగతా రెండూ మార్కుల చెదురు, అంటే అవి సగటు నుంచి ఎంత దూరం చెదిరి ఉన్నాయో చెబుతాయి:

```
=CORREL(B2:B41,C2:C41)
=STDEV(B2:B41)
=STDEV(C2:C41)
```

ఆ 8 మంది మార్కులు విడివిడిగా కూడా పెట్టండి.

అటూఇటూ:
సింపుల్ అండీ. మొదటిసారి అదృష్టం బాలేదు, కాబట్టి రెండోసారి కలిసొస్తుంది. అంతా చివరికి సరిసమానం అవుతుంది.

సంఖ్యాశాస్త్రం:
సగం నిజం. మొదటిసారి బాలేదన్నది నిజమే. కానీ దానికి బదులుగా రెండోసారి కలిసిరాదు, రెండోసారి మామూలుగా ఉంటుంది, అంతే. మామూలుగా ఉంటే చాలు, మార్కులు పెరిగినట్టు కనిపిస్తాయి.

లెక్కల టీచర్:
CORREL 0.7 వచ్చింది. STDEV రెండూ దాదాపు 16.
మొదటి పరీక్ష: 22, 26, 28, 29, 31, 33, 35, 36.
రెండోది అదే వరుసలో: 39, 33, 26, 44, 30, 41, 38, 45.
22 వచ్చిన పిల్లాడి పేపర్ ఇప్పుడే తీసి చూశాను. రెండు పేజీలు ఒకేసారి తిప్పేశాడు, మధ్యలో ఉన్న 10 మార్కుల ప్రశ్న అసలు చూడలేదు. రెండో పరీక్షలో అన్నీ రాశాడు.

సంఖ్యాశాస్త్రం:
మీ చేతిలో ఉన్న ఆ పేపరే జవాబు. ఆ పిల్లాడికి లెక్కలు రావన్నది కొంత, పేజీలు తిప్పేయడం కొంత, రెండూ కలిసి 22. చదువు రెండో పరీక్షకూ వెంట వచ్చింది, పేజీల పొరపాటు రాలేదు. క్లాసులో అట్టడుగున ఎవరున్నారని వెతికితే, చదువులో వెనకబడిన వాళ్లతో పాటు ఆ రోజు ఏదో ఒకటి కలిసిరానివాళ్లే ఎక్కువగా దొరుకుతారు. పైన వెతికితే చదివిన ప్రశ్నలే పడ్డవాళ్లు దొరుకుతారు.
ఇప్పుడు లెక్క. కింది 8 మంది క్లాసు సగటుకు 22 మార్కులు దిగువన ఉన్నారు. మార్కుల చెదురు రెండుసార్లూ ఒకేలా ఉంది కాబట్టి, అందులో CORREL చూపిన 0.7 వంతు, అంటే 15 చిల్లర, రెండోసారి కూడా మిగలాలి. 52 లోంచి అది తీస్తే 36.6. మీకు 37 వచ్చింది. టాప్ వాళ్లకు ఇదే లెక్క వేస్తే 67.4, మీకు వచ్చింది 68. ఇక సాయంతో వివరించాల్సిన మార్కులేవీ మిగల్లేదు.
పైగా 28, 31 వచ్చిన ఇద్దరికి ఇంకాస్త తగ్గాయి చూడండి. ఇది గుంపు సగటు గురించిన మాట, ప్రతి పిల్లా పిల్లాడికీ పెరుగుతాయని కాదు.

ఇంటి డాక్టర్ కాదు:
నాకూ ఇలాగే. బీపీ ఒకసారి బాగా ఎక్కువ చూపించింది, వారం తర్వాత మందు వేసుకోకుండానే తగ్గింది. అంటే నాకు మందు అక్కర్లేదనేగా?

ఒక్కముక్క:
కాదు. మళ్లీ మళ్లీ కొలిపించుకుని డాక్టర్‌కి చూపించండి.

అటూఇటూ:
అలాగైతే పై వాళ్లు దిగుతూ, కింది వాళ్లు ఎక్కుతూ పోతే కొన్నాళ్లకు అందరికీ 52 రావాలిగా?

సంఖ్యాశాస్త్రం:
రావు. చెదురు రెండుసార్లూ 16 అని టీచర్ గారు చెప్పారు, క్లాసు దగ్గరికి ముడుచుకోలేదు. అడుగున వీళ్లు ఖాళీ చేసిన చోటికి వేరేవాళ్లు వచ్చారు. టీచర్ గారూ, తిరగేసి చూడండి. రెండో పరీక్షలో అట్టడుగు 8 మందిని తీసి, వాళ్లకు మొదటి పరీక్షలో ఎన్ని వచ్చాయో చూడండి. ఫ్రాన్సిస్ గాల్టన్ 1886లో తల్లిదండ్రుల, పిల్లల ఎత్తులు పోల్చినప్పుడు కూడా ఇది రెండు వైపులా కనిపించింది. బాగా పొడుగైన పిల్లల తల్లిదండ్రులు సగటున పిల్లలంత పొడుగు లేరు. పిల్లల ఎత్తు వెనక్కి వెళ్లి తల్లిదండ్రుల్ని మార్చదు కదా.

లెక్కల టీచర్:
చూశాను. రెండో పరీక్షలో అడుగు 8 సగటు 31, వాళ్లకే మొదట 37. ఒకబ్బాయికి మొదట 58, ఇప్పుడు 34!
అసలు విషయం చెప్పలేదు. పక్క సెక్షన్లో కూడా ఇలాగే అడుగు 8 మందిని తీసి నెలపాటు సాయంత్రం క్లాసులు పెట్టారు. వాళ్లు 30 నుంచి 39కి వచ్చారు. 9 మార్కులు పెరిగాయని, మా సెక్షన్‌కూ పెట్టమని అంటున్నారు. అందుకే ఈ తంటా.

ఒక్కముక్క:
ఇది మొదటే చెప్పాల్సింది.

సంఖ్యాశాస్త్రం:
మీ సెక్షన్లో ఊరికే 7 పెరిగాయి. కాబట్టి ఆ క్లాసులకు 9 మొత్తం రాయకూడదు, మిగిలేది 2. ఆ 2 కూడా గట్టిది కాదు. ఇంత చెదురున్న క్లాసులో 8 మంది సగటు ఏ కారణం లేకుండానే ఒక 4 మార్కులు అటూ ఇటూ ఊగుతుంది, రెండు గుంపుల తేడా అయితే ఇంకా ఎక్కువ. క్లాసులు పనికిరావని కూడా దీన్నిబట్టి అనలేం.
మూడో పరీక్ష చూడండి. మొదటి పరీక్షతో ఎంచుకున్నవాళ్లను రెండో పరీక్ష నుంచి మూడోదానికి పోల్చండి. ఎంపిక వల్ల వచ్చే పెరుగుదల రెండో పరీక్షతోనే అయిపోయింది. మీ వాళ్లు 37 దగ్గరే ఉండి, పక్క సెక్షన్ వాళ్లు 39 నుంచి ఇంకా పైకి పోతుంటే అప్పుడు క్లాసుల మాట నమ్మొచ్చు.

పాత మాస్టారు:
కానీ బాబూ, క్లాసులు పెట్టక్కర్లేదని చెప్పే సాకుగా దీన్ని వాడకూడదు. 37 కూడా తక్కువే కదా, ఆ పిల్లలకు సాయం కావాలి.

సంఖ్యాశాస్త్రం:
కావాలి మాస్టారూ, కాదనలేదు. 52కి 15 మార్కుల దిగువన మిగిలిందే, ఆ వెనకబాటు ఒక్కరోజు పొరపాటు కాదు. ఏ క్లాసు పనిచేస్తుందో తెలియాలనే ఇంత లెక్క.

అటూఇటూ:
పక్క సెక్షన్ పేపర్ కూడా ఇదేనా? దిద్దింది ఒకరేనా?

లెక్కల టీచర్:
పేపర్ ఒకటే, దిద్దింది వేరేవాళ్లు. మూడో పరీక్ష వచ్చే నెలలో ఉంది, అప్పుడు రెండు సెక్షన్ల మార్కులూ పెడతాను. థ్యాంక్స్ అండీ.