పాప చెవి తమ్మె ఎరుపు, పసుపు పొక్కు: ఇది మానుతున్న గుర్తా, చీము పట్టిన గుర్తా?

దేవరకొండ అమ్మ
మా మూడేళ్ల పాపకు పుట్టువెంట్రుకలు తీయించిన మరునాడు ఊళ్లోనే చెవులు కుట్టించాము. ఎడమ చెవి బాగానే ఉంది. కుడి చెవి తమ్మె మాత్రం ఎర్రగా, కొంచెం లావుగా ఉండి, కమ్మ చుట్టూ పసుపు రంగు పొక్కు కట్టింది. మూడో రోజు తీసిన ఫోటోను, ఆరో రోజైన ఈరోజు తీసిన ఫోటోను రెండింటినీ పెడుతున్నాను. జ్వరం లేదు, కానీ నిన్నటి నుంచి పాప కుడివైపు తిరిగి పడుకోవడం లేదు. ఇప్పుడే డాక్టరుకు చూపించాలా, ఇంకా కొన్ని రోజులు ఆగవచ్చా?

పాలమూరు నాన్న
మా పెద్దమ్మాయికి కూడా సరిగ్గా ఇలాగే పసుపు పొక్కు కట్టింది. మా అమ్మ కొబ్బరినూనెలో పసుపు కలిపి రాసింది, అదే తగ్గిపోయింది. కుట్టిన చెవికి రసి కారి ఎండడం సహజమే కాబట్టి కంగారు పడవద్దు. ఈ మధ్య ప్రతి చిన్నదానికీ ఆసుపత్రికి పరుగెత్తడం అలవాటైపోయింది.

నల్లగొండ నర్సక్క
దేవరకొండ చెల్లీ, ముందు ఒక మాట చెప్పండి. పాప చెవికి మీరు కూడా పసుపు రాశారా? రాసి ఉంటే ఈ ఫోటోలో కనిపించే పసుపు రంగును బట్టి ఏమీ చెప్పలేము. పైగా రెండో ఫోటో రాత్రి బల్బు వెలుతురులో తీసినట్టు ఉంది, ఆ వెలుతురులో ఆరోగ్యంగా ఉన్న చెవి కూడా ఎర్రగానే పడుతుంది.

రేపు పొద్దున కిటికీ దగ్గర ఫ్లాష్ లేకుండా, ఫోనులో ముఖాన్ని నునుపు చేసే సెట్టింగు ఆపేసి తీయండి. ఫోను మరీ దగ్గర పెడితే మసకబారుతుంది కాబట్టి జానెడు దూరం నుంచి తీసి, తరువాత పెద్దది చేసి చూడండి. రెండు చెవులనూ ఒకే చోట, ఒకే దూరం నుంచి తీయండి, ఎందుకంటే మన పిల్లల చామనఛాయలో ఎరుపు స్పష్టంగా కనబడదు, పక్క చెవితో పోల్చినప్పుడే తేడా తెలుస్తుంది. ఎరుపు తెలియకపోయినా చర్మం బిగుసుకుని మెరవడం, తమ్మె మీది సన్నని గీతలు మాయమవడం కనిపిస్తాయి. అన్నిటికంటే ముఖ్యంగా తమ్మె వెనుక భాగం ఫోటో కావాలి. అందరూ ముందువైపే పంపుతారు.

మిర్యాలగూడ కమ్మల షాపు
నేను ఇరవై ఏళ్లకు పైగా పిల్లల చెవులు కుడుతున్నాను, కాబట్టి ఫోటో చూడగానే చెప్పగలను. కమ్మ ఉన్నంతకాలం ఆ వాపు తగ్గదు. ఈ రాత్రికే కమ్మ తీసేసి, వేపపుల్ల పెట్టి, వేడినీళ్లతో కడగండి. బంగారంలో కల్తీ ఉంటే ఇలాగే అవుతుంది.

నల్లగొండ నర్సక్క
అన్నా, దయచేసి ఆ సలహా ఇవ్వకండి. చీము ఉన్న తమ్మె నుంచి కమ్మ తీసేస్తే పైన చర్మం త్వరగా మూసుకుపోయి చీము లోపలే గడ్డ కడుతుంది. కమ్మ ఉన్నప్పుడు అది బయటికి రావడానికి కొంత దారైనా ఉంటుంది. తమ్మెకు చీము పట్టినప్పుడు డాక్టరు చూసేవరకు కమ్మను అలాగే ఉంచాలి.

కల్తీ లోహం పడకపోతే వచ్చే దురద వేరు. అది సాధారణంగా రెండు చెవులకూ వస్తుంది. పొట్టు రేగి దురద పెడుతుంది తప్ప, ఒక పక్క పడుకోలేనంత నొప్పి ఉండదు. ఇక్కడ ఒక చెవే బాధిస్తోంది.

మిర్యాలగూడ కమ్మల షాపు
మీరు పుస్తకంలో చదివింది చెబుతున్నారు, నేను చేతితో చేసింది చెబుతున్నాను. మీకంటే ఎక్కువ చెవులు నేను చూశాను.

నల్లగొండ నర్సక్క
కుట్టించుకోవడానికి మీ దగ్గరకు వస్తారు. చీము పట్టాక మీ దగ్గరకు రారు, మా దగ్గరకు వస్తారు. మూసుకుపోయిన తమ్మెను కోసి గడ్డ తీయించుకున్న పిల్లలను నేను పట్టుకుని కూర్చున్నాను.

జడ్చర్ల తండ్రి
మా అమ్మాయి పదో తరగతి. చెవి పై భాగంలో, గట్టిగా ఉండే చోట కుట్టించుకుంది. ఇప్పుడు పై సగమంతా వాచింది, తమ్మె మాత్రం మామూలుగానే ఉంది. కమ్మ ఉంచాలా, తీయాలా? వేపపుల్ల పెట్టవచ్చా?

నల్లగొండ నర్సక్క
అన్నా, ఇందాక నేను చెప్పింది తమ్మెకే గానీ మీ అమ్మాయికి వర్తించదు. పై భాగం వాచి తమ్మె బాగుందంటే, అది మృదులాస్థికి, అంటే చెవికి ఆకారమిచ్చే మెత్తని ఎముకకు పట్టిన చీము అని అనుమానించాలి. తమ్మెలో ఆ ఎముక ఉండదు కాబట్టే అక్కడ వాపు ఆగిపోయింది. దానికి రక్తప్రసరణ తక్కువ, ఆలస్యమైతే చెవి ఆకారమే ముడుచుకుపోతుంది. పైపూత మందులతో తగ్గదు, అందరికీ ఇచ్చే మాత్రలూ చాలాసార్లు పనిచేయవు. ఫోటోల కోసం ఆగకుండా ఈరోజే చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించండి, కమ్మ సంగతి ఆయనే చూసుకుంటారు.

పాలమూరు నాన్న
మొదటి రోజుల్లో అందరికీ రసి కారుతుందని నేను అన్నది తప్పా? ఆ ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు.

నల్లగొండ నర్సక్క
తప్పు కాదు. మొదటి రెండు మూడు రోజులు రంధ్రం అంచు వరకే ఎరుపు ఉంటుంది, పలుచని రసి కారి గడ్డిరంగు పొక్కులా ఎండుతుంది, తరువాత ప్రతి ఫోటోలోనూ అది తగ్గుతూ రావాలి. తగ్గినది మళ్లీ పెరిగితే, పొక్కు కింద చిక్కగా పచ్చగా తడి ఉంటే, వాసన వస్తే, అది మానడం కాదు. వేడి, వాసన, నొప్పి ఫోటోలో పడవు కాబట్టి చేతులు కడుక్కుని రెండు తమ్మెలనూ తాకి చూడండి. ఎరుపు అంచు వెంబడి బాల్‌పెన్నుతో సన్నని గీత గీస్తే, పొద్దునకు అది గీత దాటిందో లేదో ఏ కెమెరా అవసరం లేకుండానే తెలుస్తుంది.

దేవరకొండ అమ్మ
మేము పసుపు రాయలేదు, స్పిరిట్‌తో తుడుస్తున్నాము. మీరు చెప్పినట్టు వెనుకవైపు ఫోటో పొద్దున తీశాను. ఎడమ చెవికి శీల మొత్తం కనిపిస్తోంది, కుడి చెవికి సగమే కనిపిస్తోంది, మిగతా సగం మీదికి చర్మం వచ్చింది. ఎరుపు గీత దాటింది. తమ్మె వేడిగా కూడా ఉంది.

నల్లగొండ నర్సక్క
ఇక ఎదురుచూడవద్దు చెల్లీ, ఈ పూటే వెళ్లండి. శీల లోపలికి దిగిపోతోంది, దాన్ని ఇంట్లో లాగవద్దు, తిప్పవద్దు. స్పిరిట్ కొత్త చర్మాన్ని మంటపుట్టిస్తుంది కాబట్టి ఎడమ చెవికి కూడా మానేయండి. కాచి చల్లార్చిన ఒక గ్లాసు నీళ్లలో పావు టీస్పూను ఉప్పు కలిపి, శుభ్రమైన గుడ్డను ముంచి రోజుకు రెండుసార్లు అద్దండి.

మిర్యాలగూడ కమ్మల షాపు
శీల బిగించేశారు కాబట్టే ఇలా అయింది. పిల్లలకు వాపు వస్తుందని తెలిసిన వాడు తమ్మెకూ శీలకూ మధ్య కొంచెం ఖాళీ వదలాలి.

నల్లగొండ నర్సక్క
ఈ మాట నూటికి నూరుపాళ్లు నిజం అన్నా.

దేవరకొండ అమ్మ
నల్లగొండలో చూపించాము. తిమ్మిరి సూది ఇచ్చి, వెనుకవైపు నుంచి శీల బయటికి తీసి, కొంచెం చీము పిండారు. తాగే మందు రాశారు. జ్వరం వచ్చినా, ఎరుపు చెంప వైపు లేదా చెవి వెనుకకు పాకినా, చెవి కింద బిళ్ల కట్టినా వెంటనే రమ్మన్నారు. సాయంత్రానికే పాప కుడివైపు పడుకుంది. మళ్లీ ఎప్పుడు కుట్టించాలో మాత్రం అడగలేదు.

మిర్యాలగూడ కమ్మల షాపు
నెల రోజులు చాలు. అదే రంధ్రంలో వేయిస్తే నొప్పి కూడా తక్కువ.

నల్లగొండ నర్సక్క
నెల చాలదు. వేళ్ల మధ్య తమ్మెను నొక్కితే లోపల గట్టిదనం ఏమీ తగలని దాకా ఆగాలి, పాత మచ్చ మీద మళ్లీ కుట్టకూడదు.

మిర్యాలగూడ కమ్మల షాపు
పాత చోటు వదిలేస్తే రెండు చెవుల కమ్మలు ఎత్తు తగ్గులు అవుతాయి. ఆ సంగతి కుట్టేవాడికే తెలుస్తుంది.