యానిమేషన్ సినిమాలో పాట: క్రెడిట్ వేస్తే సరిపోతుందా?

దేవరకొండ_ఫ్రేమ్స్: 9 నిమిషాల యానిమేషన్ చేశాను. ఎడ్లబండి మోడల్‌కి క్రియేటివ్ కామన్స్ వాళ్ల CC BY లైసెన్సు, నేపథ్య సంగీతానికి CC BY-NC-ND, చివర్లో 1985 నాటి క్యాసెట్‌లోని బతుకమ్మ పాట. బతుకమ్మ పండక్కి ఊళ్లో ఫ్రీగా వేసి, తర్వాత యూట్యూబ్‌లో మానిటైజ్ చేస్తా. టైటిల్స్‌లో క్రెడిట్ వేస్తే చాలదా?

సాగర్_కుడికాలువ: చాలు తమ్మీ. బతుకమ్మ పాట ఎవరి సొత్తూ కాదు, తరాల నుంచి పాడుకుంటున్నదే. ఫ్రీ షో అంటే అసలు టెన్షనే లేదు.

పాలమూరు_సౌండ్: అన్నా, పాట ఎవరిదీ కాదన్నది కరెక్టే, కానీ క్యాసెట్‌లో ఉన్న రికార్డింగ్ తీసిన కంపెనీది. మన చట్టంలో దానికి విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు, అంటే 1985 క్యాసెట్‌కి 2045 చివరిదాకా హక్కు ఉంటుంది. అదే పాటను మీ ఊరి ఆడవాళ్లతో పాడించి రికార్డ్ చేసుకో తమ్మీ, సినిమాలో, యూట్యూబ్‌లో వాడుకోవడానికి ఒప్పుకున్నట్టు వాళ్లతో కాగితం మీద సంతకాలు తీసుకో.

క్రెడిట్‌తో సరిపోయేది ఎడ్లబండికే. చేసినవాళ్ల పేరు, లింకు, లైసెన్సు పేరు, నువ్వు మార్పులు చేస్తే ఆ మాట రాయాలి. సంగీతం సంగతి వేరు. CC లైసెన్సుల ప్రకారం పాటను కదిలే బొమ్మకి జత చేస్తే అది మార్పు చేసినట్టే లెక్క, ట్రాక్‌ని ఒక్క సెకను కూడా కత్తిరించకపోయినా సరే. ND అంటే మార్చినదాన్ని బయట పెట్టొద్దని, ఊళ్లో తెర కట్టి చూపించడం కూడా బయట పెట్టడమే. అందుకే ఫ్రీ షోకి కూడా అది పనికిరాదు, స్వరకర్తకి మెయిల్ రాసి విడిగా అనుమతి తెచ్చుకుంటే తప్ప.

హాలియా_వీడియోస్: మా చెల్లి పెళ్లి వీడియోకి యూట్యూబ్‌లో కాపీరైట్ క్లెయిమ్ వచ్చింది, ఛానెల్ పోతదా?

పాలమూరు_సౌండ్: పోదు అన్నా, క్లెయిమ్ వేరు, స్ట్రైక్ వేరు. క్లెయిమ్‌లో ఎక్కువసార్లు యాడ్స్ డబ్బు వాళ్లకి పోతుంది, కొన్నిసార్లు వీడియో బ్లాక్ అవుతుంది.

దేవరకొండ_ఫ్రేమ్స్: పాట ఊళ్లోనే పాడిస్తా అక్కా. సంగీతానికి CC BY-SA ట్రాక్ ఒకటి దొరికింది, మానిటైజ్ చేసుకోవచ్చట.

పాలమూరు_సౌండ్: చేసుకోవచ్చు, కానీ అప్పుడు సినిమా మొత్తాన్నీ అదే లైసెన్సుతో ఇవ్వాలి. ఎవరైనా మళ్లీ ఎక్కించి సంపాదించుకున్నా, నీ పేరు వేసి షరతులు పాటిస్తే నువ్వు ఆపలేవు, రేపు ఓటీటీ వాళ్లు మాకొక్కరికే ఇమ్మంటే ఇవ్వలేవు. హక్కులన్నీ వదిలేసిన CC0 గానీ, CC BY గానీ వెతుకు. దించుకున్న రోజే లైసెన్సు కనబడేలా ఆ పేజీని తేదీతో స్క్రీన్‌షాట్ తీసిపెట్టు, తర్వాత ఆ పేజీ మారినా, తప్పుడు క్లెయిమ్ వచ్చినా చూపించడానికి అదే ఆధారం.

సాగర్_కుడికాలువ: ND సంగతి నాకు తెల్వదు, ఒప్పుకుంటా. మరి వ్యాపారానికి వాడొద్దనే ఉత్త NC ట్రాక్ పెట్టి ఊళ్లో ఫ్రీగా వేస్తే? టెంటు ఖర్చు ఎరువుల షాపాయన పెట్టుకుని తన ఫ్లెక్సీ కడతాడు.

పాలమూరు_సౌండ్: నేనైతే వాడను. షాపు ప్రచారం అందులో కలిసింది కదా.

సాగర్_కుడికాలువ: తమ్మికి ఒక్క రూపాయి రానప్పుడు అది వ్యాపారం ఎట్లయితది? ముఖ్య ఉద్దేశం సంపాదనేనా అని చూడాలని ఆ లైసెన్సులోనే ఉందిగా. దీనికి మాత్రం నేను ఒప్పుకోను.