అప్‌డేట్: సెకండ్ షోకి రాలేనని ఫ్రెండ్‌కి చెప్పడం

నా పాత ప్రశ్న: "వరస నైట్ షిఫ్టులతో ఒళ్లు హూనమైపోయింది. రాత్రి ఫ్రెండ్‌తో సెకండ్ షో ఉంది, టికెట్లు వాడే తీశాడు. వాడు నొచ్చుకోకుండా రాలేనని ఎలా చెప్పాలి?"

మీ సలహాల్లో బాగా పనిచేసింది, మెసేజ్ పెట్టకుండా ఫోన్ చేయడం. అదీ వాడు ఇంటినుంచి బయల్దేరకముందే. షోకి ఇంకా నాలుగు గంటలుంటే వాడు ఇంకొకరిని పిలుచుకోగలడు, అరగంటే ఉంటే మిగిలేది కోపమే. టికెట్ రద్దు చేసే వీలు అన్ని థియేటర్లకీ ఉండదు, ఉన్నా షోకి కాస్త ముందు వరకే. ఆలస్యం చేస్తే ఆ డబ్బూ పోతుంది.

అన్న మాటలు ఇవే: "ఒరేయ్, ఇవాళ రాలేను రా. నిద్రలేక కళ్లు తిరుగుతున్నాయి, బండి నడిపే స్థితిలో లేను. నా టికెట్‌కి ఎవరినైనా తీసుకెళ్లు, డబ్బులు ఇప్పుడే పంపేస్తా. ఆదివారం పొద్దున టిఫిన్‌కి నేనే మీ ఇంటికొస్తా."

రాలేనన్న మాట మొదటే రావాలి. "కొంచెం నీరసంగా ఉంది, చూద్దాం" అంటే వాడు "వచ్చి కూర్చో, చాలు" అంటాడు, అక్కడినుంచి బతిమాలుకోవడమే. లేని జ్వరం చెప్పొద్దన్నవాళ్లది సరైన మాటే, మర్నాడు వాళ్లమ్మగారు ఫోన్ చేసి ఎలా ఉందని అడుగుతారు! సారీ ఒక్కసారి చాలు, పదిసార్లంటే వాడే మనల్ని ఓదార్చాలి.

వాడు కాసేపు ముభావంగా ఉన్నాడు. సంజాయిషీ పొడిగించకుండా ఫోన్ పెట్టేసి, టికెట్ డబ్బులు పంపాను. తమ్ముణ్ణి తీసుకెళ్లాడట. ఆదివారం పెసరట్టు ఖాయం.