“పండగయ్యాక త్వరగా ఇచ్చేస్తాను” అంటే ఏ తేదీ?

గంటస్తంభం
విజయనగరంలో ఇల్లు కట్టుకుంటున్నాం. కిటికీ గ్రిల్లులు, గేటు ఒక వెల్డింగు షాపుకు ఇచ్చి సగం డబ్బు కట్టాం. ఎప్పుడిస్తారంటే ఆయన “పండగయ్యాక త్వరగా ఇచ్చేస్తాను” అంటారు. గట్టిగా అడిగితే “మీ పనే ముందు సార్” అంటారు. అక్టోబరు నెలాఖరున గృహప్రవేశం. పనిమంతుడు, మనిషీ మంచివాడే. గొడవ లేకుండా తేదీ ఎలా రాబట్టాలి?

బొబ్బిలి మేస్త్రి
ముందు ఏ పండగో తేల్చుకోండి. మీ ఊళ్లో విజయదశమితో దసరా అయిపోదు, ఆ తర్వాతి మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం దాకా సాగుతుంది. ఈ 2025లో దసరా అక్టోబరు 2, సిరిమాను 7. మీరు 3 నుంచి ఎదురుచూస్తుంటారు, ఆయన లెక్క 8న మొదలవుతుంది. ఇద్దరూ అబద్ధమాడరు, మధ్యలో అయిదు రోజులు పోతాయి.

ఇక “ఎప్పుడిస్తారు?” అని అడగడం మానండి. ఆ ప్రశ్నకు మిమ్మల్ని సంతోషపెట్టి పంపించే జవాబే వస్తుంది. పని ఎక్కడుందో అడగండి. పైపులు వచ్చాయా? కోత మొదలైందా? మా ముందు ఎవరి పని నడుస్తోంది? ఇనుమే రాకపోతే ఆయన చెప్పే ఏ తేదీనీ నమ్మలేం, ఇనుము వచ్చే రోజు చెప్పమనండి చాలు. వచ్చి ఉంటే వెల్డింగు, గ్రైండింగు అయ్యాక రెడాక్సైడు పూసి ఒక రాత్రైనా ఆరనివ్వాలి, ఆపైన రంగు. వాన పడితే అదీ వెనక్కి పోతుంది. అక్టోబరులో మన తీరాన వాయుగుండాలు మామూలే కదా.

చివరగా, “ఎంత త్వరగా ఇవ్వగలరు?” అనకండి. “ఎంత ఆలస్యమైనా ఏ రోజు దాటదు?” అని అడగండి. మొదటిదానికి అన్నీ కలిసొస్తే పట్టే కాలం చెబుతారు. రెండోదానికి కూలీల సెలవులు, కరెంటు కోతలు గుర్తు చేసుకుని చెబుతారు.

పలాస జీడిపప్పు
ఇంత సున్నితం ఎందుకండీ! తేదీ కాగితం మీద రాయించండి, దాటిన ప్రతి రోజుకూ ఇంత కోత అని సంతకం పెట్టించండి. తేదీ దానంతటదే వస్తుంది.

బొబ్బిలి మేస్త్రి
రాయించడం మంచిదే. కానీ అడ్వాన్సు ఇవ్వకముందు చేయాల్సిన పని అది. ఇప్పుడు కోత అంటే చిన్న షాపువాళ్లు సంతకం పెట్టరు, పెట్టినా మీ పని మూలన పడేస్తారు. మిగిలిన డబ్బును విడగొట్టండి. గ్రిల్లులు బిగించిన రోజు కొంత, గేటు నిలబెట్టిన రోజు కొంత.

నాగావళి ఒడ్డు
మాదీ ఇదే బాధ. శ్రీకాకుళంలో ఒక ఆఫీసులో మా నాన్నగారి పొలం కాగితం సవరణకు ఇచ్చాం. ఎప్పుడు వెళ్లినా “త్వరలో అవుతుంది”. సమాచార హక్కు కింద దరఖాస్తు పెడితే 30 రోజుల్లో పని చేసి తీరాలట కదా?

రాజాం టీచరు
కాదండీ. ఆ 30 రోజులు మీరు అడిగిన సమాచారం ఇవ్వడానికి, పని పూర్తి చేయడానికి కాదు. అయినా ఉపయోగమే. “నా దరఖాస్తు ఏ తేదీన ఎవరి దగ్గరికి వెళ్లింది, ఇప్పుడు ఎవరి దగ్గర ఉంది” అని అడగండి. మేస్త్రిగారి ప్రశ్నే, ఆఫీసు భాషలో.

మా బడిలో ఇబ్బంది వేరు. పైనుంచి “వీలైనంత త్వరగా పంపండి” అని సందేశం వస్తుంది. పెద్దవాళ్లను “ఎప్పటికి?” అని తిరిగి అడిగితే ఎదురు ప్రశ్నలా ఉంటుంది. అందుకని నేనే సమయం పెట్టి రాస్తాను: “రేపు ఉదయం 11 గంటలకు పంపుతాను, అంతకుముందే కావాలంటే చెప్పండి.” చాలాసార్లు జవాబు రాదు, అంటే సరిపోయినట్టే. “శుక్రవారం లోపు” అని మాత్రం రాయను. శుక్రవారం కలుస్తుందో లేదో ఒక్కొక్కరిదీ ఒక్కో లెక్క. “శుక్రవారం సాయంత్రం 5 లోపు” అంటే పేచీ ఉండదు.

గంటస్తంభం
మేస్త్రిగారూ, ఇవాళ వెళ్లి మీరు చెప్పినట్టే అడిగాను. గ్రిల్లుల ఇనుము వచ్చిందట, కోత కూడా అయింది. గేటు పైపులు ఇంకా రాలేదు. సిరిమాను అయ్యాక కుర్రాళ్లు 9న పనిలోకి వస్తారట, గ్రిల్లులు 14 దాటవన్నారు. అక్కడే వాట్సాప్‌లో రాసి పంపితే “సరే సార్” అని జవాబిచ్చారు. గేటుకు మాత్రం తేదీ చెప్పలేదు. పైపులు వచ్చిన రోజు ఫోను చేస్తానన్నారు.

పలాస జీడిపప్పు
చేస్తారా?

బొబ్బిలి మేస్త్రి
ఆయన ఫోను కోసం కూర్చోకండి. “13 సాయంత్రం నేనే చేస్తాను, అప్పటికి పైపులు రాకపోతే వేరే దుకాణంలో చూద్దాం” అని ఇప్పుడే చెప్పి ఉంచండి. తీరా రాకపోతే గృహప్రవేశానికి గేటు లేకపోయినా నడుస్తుంది, గ్రిల్లులు లేకపోతేనే కష్టం.

గంటస్తంభం
గేటు లేకుండా అంటే మా అత్తగారు ఒప్పుకోరండీ.