"మిమ్మల్నే ఎందుకు తీసుకోవాలి?" అంటే నిమిషంలో ఏం చెప్పాలి?

బెజవాడ అకౌంట్స్: బుధవారం హైదరాబాద్‌లో ఒక మందుల డిస్ట్రిబ్యూటర్ దగ్గర ఇంటర్వ్యూ ఉంది, అకౌంట్స్ ఎగ్జిక్యూటివ్ పోస్టు. బీకాం అయ్యాక ఇక్కడ ఒక ట్యాక్స్ కన్సల్టెంట్ ఆఫీసులో ఏడాదిన్నరగా చేస్తున్నాను. ఈ ప్రశ్నకి "కష్టపడతాను, నిజాయితీగా ఉంటాను, ఏదైనా త్వరగా నేర్చుకుంటాను, టీమ్‌లో కలిసిపోతాను" అని చెబుదామనుకుంటున్నా. సరిపోతుందా?

సేల్స్ శ్రీను: అంకె లేని జవాబు ఎవరికీ గుర్తుండదండీ. "ఎఫిషియెన్సీ 40 శాతం పెంచాను" అనండి, పని అయిపోతుంది.

పాత ప్యానెల్: శ్రీను గారు చెప్పింది సగం కరెక్టే. 40 శాతం అనగానే నేనైతే "దేంట్లో? ముందు ఎంత ఉండేది?" అంటాను. అక్కడ నీళ్లు నమిలితే అంతకుముందు చెప్పినవి కూడా నమ్మబుద్ధి కాదు. లెక్కపెట్టి చూపగలిగింది చెప్పండి: ఎన్ని బిల్లులు, ఏ తేదీకి. ఇంతకీ ప్రకటనలో ఏం పనులు రాశారు?

బెజవాడ అకౌంట్స్: పర్చేజ్ ఎంట్రీలు, జీఎస్టీ రికన్సిలియేషన్, సప్లయర్ల ఫాలో-అప్. ఎస్‌ఏపీ వస్తే మంచిదన్నారు, నాకు ట్యాలీయే వచ్చు. నేను చేసేదీ అదేనండీ, క్లయింట్ల బిల్లుల్ని 2బితో, అంటే సప్లయర్లు ఎక్కించిన బిల్లులతో జీఎస్టీ పోర్టల్ ఇచ్చే జాబితాతో సరిచూస్తాను. అందరూ చేసే పనే కదా, చెప్పుకోవడానికి ఏముంది?

కొత్త పట్టా: నాకు రెండేళ్ల గ్యాప్ ఉంది. దాన్ని ఎలా కవర్ చేయాలో కూడా చెప్పండి సర్.

పాత ప్యానెల్: అది వేరే ప్రశ్న బాబూ, విడిగా అడుగు. దాచాలని మాత్రం చూడకు. బెజవాడ గారూ, మీరు రాకముందు ఆ పని ఎలా జరిగేది? మీరొచ్చాక ఏం మారింది?

బెజవాడ అకౌంట్స్: ముందైతే 14న 2బి వచ్చాకే చూసేవాళ్లు. 20కల్లా పన్ను కట్టే 3బి రిటర్ను వేయాలి, మధ్యలో హడావుడి. బిల్లు 2బిలో లేకపోతే దాని మీద కట్టిన పన్నుకి ఆ నెల క్రెడిట్ తీసుకోలేం, క్లయింటు ఆ మేరకు డబ్బు కట్టాల్సి వస్తుంది. నేను నెల మొదట్లోనే, తరచూ బిల్లులు ఎక్కించని సప్లయర్ల జాబితా తీసి ఫోన్లు చేస్తున్నాను. వాళ్ల అమ్మకాల రిటర్ను జీఎస్టీఆర్-1 గడువు 11 కదా, ఆలోపే. ఒక పెద్ద క్లయింటుకి నెలకి 40 దాకా కలవని బిల్లులుండేవి. ఇప్పుడు 10, 12 ఉంటున్నాయి.

పాత ప్యానెల్: ఏముందని అడిగారు, ఇదిగో ఇదే. ఇలా చెప్పి చూడండి:

"మీ ప్రకటనలో రికన్సిలియేషన్, సప్లయర్ ఫాలో-అప్ అని చూశాను. ఇప్పుడు నా పని అదే. మా క్లయింటు ఒకరికి నెలకి 40 దాకా బిల్లులు 2బిలో కలిసేవి కావు. 14 తర్వాత వెతికి లాభం లేదని, సప్లయర్లు రిటర్ను వేయకముందే ఫోన్ చేసే జాబితా పెట్టాను. ఇప్పుడు 10, 12కి తగ్గాయి. మీకూ సప్లయర్లు చాలామంది ఉంటారు కాబట్టి మొదటి నెల నుంచే ఇది చేయగలను. ఎస్‌ఏపీ మాత్రం తెలియదు, ట్యాలీ మీదే చేశాను."

ఫోన్‌లో టైమర్ పెట్టి చదవండి, నిమిషం పట్టదు. "నిజాయితీ", "చురుకు" లాంటి మాట ఒక్కటీ లేదు, అవి వినేవాళ్లే అనుకుంటారు. క్లయింటు పేరు ఎంత అడిగినా చెప్పకండి.

గుంటూరు ఆడిటర్: చివరి వాక్యం ఎందుకండీ? అడగని లోటు మనమే చెప్పుకోవడం ఏంటి?

పాత ప్యానెల్: రెజ్యూమేలో ట్యాలీ ఒక్కటే ఉంటే వాళ్లకి ఎలాగూ తెలుస్తుంది. ముందే అనేస్తే మిగతా మాటల మీద నమ్మకం పెరుగుతుందని నా అనుభవం.

గుంటూరు ఆడిటర్: నేనైతే ఒప్పుకోను, ఉన్న నిమిషం అనుకూలమైనదానికే వాడాలి. సరే, అసలు డేంజర్ ఇంకోచోట ఉంది. మూడు నెలలకోసారి రిటర్ను వేసే చిన్న సప్లయరు అయితే 11 గడువు పనికిరాదు, అప్పుడేం చేస్తారని అడుగుతారు.

బెజవాడ అకౌంట్స్: వాళ్లని క్వార్టర్‌లో మొదటి రెండు నెలలూ ఐఎఫ్ఎఫ్‌లో, అంటే రిటర్ను వేయకముందే బిల్లులు ఎక్కించే వీలులో, 13లోపు బిల్లు ఎక్కించమంటాను. అది వాళ్లిష్టం, ఎక్కించకపోతే క్వార్టర్ రిటర్ను దాకా ఆగాల్సిందే.

గుంటూరు ఆడిటర్: భేష్. ఇంకొకటి. ఆ తగ్గుదలంతా మీ ఫోన్ల వల్లేనా? సప్లయర్లు మారినా తగ్గుతుంది.

బెజవాడ అకౌంట్స్: అవునండీ, గుర్తుచేశారు. మధ్యలో ఇద్దరి దగ్గర కొనడం ఆపేశారు. వాళ్లవే నెలకి ఏడెనిమిది ఉండేవి. మరి 40 అనకూడదా?

పాత ప్యానెల్: అనకండి. ఆ ఇద్దరివీ రెండు వైపులా తీసేసి, "30కి పైగా ఉండేవి" అనండి. ఎందుకు తీసేశారో అడిగితే ఇప్పుడు చెప్పినట్టే చెప్పండి. ఈ రాత్రి పాత షీట్లు ఒకసారి తిరగేసి నెలవారీ లెక్క కాగితం మీద రాసుకోండి.

సేల్స్ శ్రీను: 40 అంటేనే వినడానికి బాగుంటుంది, నా మాట వినండి.