అప్‌డేట్: వడ్డీ పెరిగినా ఈఎంఐ ఎందుకు తగ్గిందో తెలిసింది

నా ప్రశ్న: "10 లక్షల లోన్, 9 శాతం, 120 నెలలు. 12వ ఈఎంఐతో పాటు ఒక లక్ష అదనంగా కట్టి, 13వ నెల నుంచి రేటు 9.5 చేస్తే నా షీట్‌లో ఈఎంఐ 12,668 నుంచి 11,536కి తగ్గుతోంది. గడువు మాత్రం తగ్గడం లేదు. తప్పెక్కడ?"

తప్పు నాదే. ప్రతి వరుసలో `PMT`ని మిగిలిన బాకీ, మిగిలిన నెలలతో మళ్లీ లెక్కేయించాను. దాంతో కట్టిన లక్ష అంతా ఈఎంఐ తగ్గడానికే పోయింది, 108 నెలలు అలాగే ఉండిపోయాయి.

ఇప్పుడు ఈఎంఐని `B3`లో ఒక్కసారే లెక్కేసి వదిలేశాను. రేటుకి విడిగా ఒక కాలమ్ పెట్టాను, వడ్డీ ఆ నెల రేటుతోనే వస్తుంది. చెల్లింపు కాలమ్‌లో ఇది (D నెల మొదటి బాకీ, E వడ్డీ):

```
=MIN($B$3, D14+E14)
```

`MIN` లేకపోతే చివరి నెలలో బాకీ మైనస్‌లోకి పోతోంది. ఆ లక్ష తర్వాత మిగిలింది 8,35,366. రేటు పెరిగినా 94 నెలల్లో తీరుతోంది, అంటే 14 నెలలు ఆదా. `NPER`తో సరిచూస్తే 93.6 వచ్చింది. చివరి ఈఎంఐ చిన్నదన్నమాట.

ఒక్క జాగ్రత్త: రేటు బాగా పెరిగి E విలువ `B3`ని దాటితే బాకీ తగ్గకపోగా పెరుగుతుంది. అలాంటి వరుసలకి ఎరుపు రంగు పెట్టుకున్నాను.